ట్యాంకులో తేలే బంతి, గదిలో ఏసీ: నెగటివ్ ఫీడ్‌బ్యాక్ లెక్క

ప్రశ్న: "సార్, ఈఈఈ థర్డ్ ఇయర్ చదువుతున్నాను. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ పెడితే గెయిన్ తగ్గుతుందని పుస్తకంలో ఉంది. తగ్గితే లాభమేంటి? ఉదాహరణలుగా రూమ్ థర్మోస్టాట్, వాటర్ ట్యాంక్ ఇచ్చారు. ఒకటేమో టక్కున ఆన్, ఆఫ్ అవుతుంది, ఇంకోటి మెల్లగా మూసుకుంటుంది. రెండూ ఒకటే ఎలా అవుతాయి? అసలు ఆ మైనస్ గుర్తు వాటిలో ఎక్కడుంది?"

మైనస్ గుర్తుతోనే మొదలుపెడతాను. అది అర్థమైతే మిగతా రెండు ప్రశ్నలూ దాని వెనకే వస్తాయి.

మా అపార్ట్‌మెంట్‌లో ఒకసారి పై ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ మార్పించాం. కేబుల్‌కి వేలాడే ప్లాస్టిక్ డబ్బా లాంటి స్విచ్ అది. నీళ్ళు పెరిగితే తేలి తలకిందులవుతుంది, తగ్గితే వేలాడుతుంది. దానిలోంచి మూడు వైర్లు వస్తాయి. ఒకటి కామన్. మిగతా రెండిట్లో ఒకటి డబ్బా వేలాడుతున్నప్పుడు కలుస్తుంది, ఇంకోటి తేలినప్పుడు కలుస్తుంది. ట్యాంకు నింపాలంటే మొదటిది వాడాలి, సంపు ఖాళీ చేయాలంటే రెండోది. వచ్చినతను రెండోది కలిపి వెళ్ళిపోయాడు. ఆ పూట ట్యాంకు నిండుగానే ఉంది కాబట్టి మోటారు ఆన్ అయింది. నీళ్ళు పొర్లుతున్నాయి, డబ్బా తేలుతూనే ఉంది, మోటారు ఆగదు. మెయిన్ స్విచ్ ఆపేసి పడుకున్నాం. మర్నాడు నీళ్ళు వాడేశాక స్విచ్ వేస్తే ఇప్పుడు మోటారు అసలు తిరగదు. ట్యాంకు అడుగంటినా తిరగదు.

చూడండి, మోటారు అదే, ట్యాంకు అదే, స్విచ్ కూడా బాగానే ఉంది. ఒక వైరు మారింది, అంతే. మైనస్ ప్లస్ అయింది. నిండితే ఇంకా నింపడం, ఖాళీ అయితే ఖాళీగానే ఉంచడం: పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అంటే ఇదే. ఏదో ఒక చివరకు పోయి అక్కడే అతుక్కుపోతుంది, మధ్యలో నిలబడదు. వైరు సరిచేస్తే నీళ్ళు ఏ పక్కకు జరిగితే మోటారు దానికి ఎదురు పని చేస్తుంది. "నెగటివ్" అన్న మాటకు అర్థం ఈ ఎదురు పని చేయడమే. తగ్గించడమనో, చెడ్డదనో కాదు. తగ్గినప్పుడు పెంచడం కూడా నెగటివ్ ఫీడ్‌బ్యాకే.

ఇప్పుడు ఆన్-ఆఫ్ స్విచ్ పక్కన పెట్టి, మున్సిపల్ కుళాయి కనెక్షన్‌కి బిగించే పాత రకం ఫ్లోట్ వాల్వ్ తీసుకుందాం. ఒక కడ్డీ, దాని చివర బంతి, ఇంకో చివర వాల్వ్ నోరు. నీటి మట్టం పెరిగితే బంతి పైకి లేస్తుంది, కడ్డీ కీలు దగ్గర తిరిగి వాషర్‌ను నోటికి అదుముతుంది. మైనస్ గుర్తు ఎక్కడుందని అడిగారు కదా, ఇక్కడ అది కడ్డీ తిరిగే కీలులో ఉంది. బంతి లేస్తే వాల్వ్ తెరుచుకునేలా కూడా ఆ కడ్డీని అమర్చవచ్చు, అప్పుడది ప్లస్. బ్లాక్ డయాగ్రమ్‌లో గుండ్రం గీసి పక్కన మైనస్ పెడతాం కానీ, నిజం వస్తువులో ఆ గుండ్రం ఎక్కడా కనిపించదు. లీవర్ దిశలోనో, కాంటాక్ట్ ఎంపికలోనో, కంట్రోలర్‌లో డైరెక్ట్, రివర్స్ అని ఉండే సెట్టింగ్‌లోనో దాగి ఉంటుంది. ప్లాంటులో కొత్త లూప్ ఆటోలో పెట్టే ముందు మేం మొదట చూసుకునేది కూడా దాన్నే.

లెక్కకు సులువుగా ఉండే అంకెలు వేసుకుందాం. ట్యాంకు అడుగు వైశాల్యం ఒక చదరపు మీటరు. అంటే మట్టం ఒక సెంటీమీటరు మారాలంటే 10 లీటర్లు కావాలి. మట్టం 100 సెంటీమీటర్ల దగ్గర వాల్వ్ పూర్తిగా మూసుకుంటుంది, 80 దగ్గర పూర్తిగా తెరుచుకుంటుంది. పూర్తిగా తెరిస్తే నిమిషానికి 20 లీటర్లు వస్తాయి. మధ్యలో సమానంగా పెరుగుతుందనుకుందాం. అంటే మట్టం ఒక సెంటీమీటరు తగ్గితే వాల్వ్ నిమిషానికి ఒక లీటరు ఎక్కువ ఇస్తుంది. ఇదే కంట్రోలర్ గెయిన్, K = 1. మట్టం h సెంటీమీటర్లు, ఒక సెంటీమీటరుకు పట్టే లీటర్లు A, ఇంట్లో వాడకం నిమిషానికి q లీటర్లు అనుకుంటే సమీకరణం ఇది:

```
A · dh/dt = K · (100 − h) − q        A = 10, K = 1
```

ట్యాంకు నిండుగా ఉంది. ఎవరో నిమిషానికి 5 లీటర్ల చొప్పున కుళాయి తిప్పారు. మొదటి క్షణంలో మట్టం 100 దగ్గరే ఉంది కాబట్టి వాల్వ్ మూసే ఉంది, వచ్చేది సున్నా. మట్టం దిగడం మొదలవుతుంది. ఒక సెంటీమీటరు దిగేసరికి ఒక లీటరు వస్తోంది, మూడు దిగేసరికి మూడు. తేడా తగ్గేకొద్దీ దిగే వేగం కూడా తగ్గుతుంది. ఐదు సెంటీమీటర్లు దిగి 95 దగ్గరకు వచ్చేసరికి వచ్చేదీ పోయేదీ సమానం, మట్టం అక్కడ నిలబడుతుంది. టైమ్ కాన్‌స్టాంట్ A/K, అంటే 10 నిమిషాలు. పది నిమిషాలకు దాదాపు 3.2 సెంటీమీటర్లు దిగి ఉంటుంది, అరగంటకు దాదాపు ఐదూ పూర్తవుతుంది.

అదే ఫ్లోట్ లేకుండా మామూలు కుళాయి పెట్టి, సరిగ్గా 5 లీటర్లు వచ్చేలా తిప్పి వదిలేశామనుకోండి. కాగితం మీద ఇదీ సమానమే. కానీ వీధి లైనులో ప్రెషర్ పడిపోయి వచ్చే నీళ్ళు 20 శాతం తగ్గితే వచ్చేది 4 లీటర్లు. నిమిషానికి ఒక లీటరు లోటు, అంటే మిల్లీమీటరు. చూడటానికి ఏమీ కనపడదు, కానీ 95 సెంటీమీటర్ల నీళ్ళు దాదాపు పదహారు గంటల్లో అయిపోతాయి. ఫ్లోట్ వాల్వ్‌కి కూడా అదే ప్రెషర్ పడిపోతుంది, దాని K కూడా 0.8కి పడిపోతుంది. కానీ అక్కడ ఏమవుతుంది? 5 లీటర్లు రావాలంటే 5/0.8, అంటే 6.25 సెంటీమీటర్ల లోటు కావాలి. మట్టం ఇంకో సెంటీమీటరున్నర లోపు దిగి మళ్ళీ నిలబడుతుంది. ప్రెషర్ తగ్గిందని వాల్వ్‌కి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మట్టం దిగింది, అది చాలు.

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. గెయిన్ తగ్గింది, నిజమే. కానీ దేని గెయిన్? ఫీడ్‌బ్యాక్ లేనప్పుడు ఒక లీటరు తేడా మట్టాన్ని ఎంత మారుస్తుంది? ట్యాంకు అడుగు కనిపించే దాకా మారుస్తూనే ఉంటుంది. ఫీడ్‌బ్యాక్ ఉన్నప్పుడు ఒక సెంటీమీటరు. బయట నుంచి వచ్చే చికాకు మన అవుట్‌పుట్ దాకా వచ్చే గెయిన్ తగ్గింది. మనం కోరుకున్నదే అది.

యాంప్లిఫయర్‌లో కూడా ఇంతే. G యాంప్లిఫయర్ సొంత గెయిన్, H అవుట్‌పుట్‌లోంచి వెనక్కి తెచ్చే వంతు. G/(1+GH) లో G లక్ష, H 0.01 అనుకోండి, జవాబు 99.9. ఇప్పుడు వేడికో, వయసుకో G సగానికి పడిపోయి 50,000 అయింది. జవాబు 99.8. లక్ష గెయిన్‌ను వదులుకుని వందతో సరిపెట్టుకున్నాం, దానికి బదులుగా G సగమైనా పట్టించుకోనక్కర్లేని పరిస్థితి వచ్చింది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన హెరాల్డ్ బ్లాక్‌కి 1927 ఆగస్టులో, హడ్సన్ నది దాటే ఫెర్రీలో పనికి వెళ్తుండగా ఈ ఆలోచన తట్టింది, చేతిలో ఉన్న న్యూస్‌పేపర్ మీదే రాసుకున్నాడు. దూరాభార టెలిఫోన్ లైన్లలో వరసగా పెట్టిన యాంప్లిఫయర్ల డిస్టార్షన్ అతని బాధ. కావాలని గెయిన్ పారబోయడమేమిటని అప్పట్లో చాలామందికి వింతగా అనిపించింది. మీకూ అదే అనిపించింది కాబట్టి కంగారు పడకండి.

అయితే ట్యాంకు కథలో ఒక విషయం గమనించారా? మట్టం 100కి తిరిగి రాలేదు. 95 దగ్గర ఆగిపోయింది. చాలామంది విద్యార్థులు దీన్ని వాల్వ్ లోపం అనుకుంటారు. కాదు. 5 లీటర్లు రావాలంటే వాల్వ్ పావు వంతు తెరిచి ఉండాలి. ఈ వాల్వ్‌ని తెరిచి ఉంచేది మట్టంలో లోటు ఒక్కటే. లోటు సున్నా అయితే వాల్వ్ మూసుకుంటుంది. కాబట్టి వాడకం ఉన్నంతసేపూ ఎంతో కొంత లోటు ఉండి తీరాలి. దీన్నే ఆఫ్‌సెట్ అంటారు. వాడకం 5 అయితే 5 సెంటీమీటర్లు, 10 అయితే 10, 15 అయితే 15. రాత్రి అందరూ పడుకున్నాక ట్యాంకు దగ్గరకు వెళ్ళి వింటే ఇది వినిపిస్తుంది కూడా. చివరి మిల్లీమీటరు లోటు దగ్గర వాల్వ్ నిమిషానికి 100 మిల్లీలీటర్లే ఇస్తుంది, అంటే సన్నటి దారం లాంటి ధార. అది చాలాసేపు కారుతూనే ఉంటుంది.

ఇక ఏసీకి వద్దాం. ఇన్వర్టర్ లేని మామూలు స్ప్లిట్ ఏసీ తీసుకోండి. కంప్రెసర్ తిరిగితే పూర్తిగా తిరుగుతుంది, లేదంటే ఆగి ఉంటుంది. మధ్యస్థం లేదు. రిమోట్‌లో 24 పెట్టాం. గది 25 డిగ్రీలకు చేరితే ఆన్, 23కి దిగితే ఆఫ్ అనుకుందాం. ఈ రెండు డిగ్రీల ఎడమే హిస్టరిసిస్. గోడల నుంచి, కిటికీ నుంచి, మనుషుల నుంచి వచ్చే వేడి ఒక మామూలు సాయంత్రం గదిని నిమిషానికి 0.2 డిగ్రీలు వేడెక్కిస్తోంది. కంప్రెసర్ శక్తి, బయటి వేడేమీ లేకపోతే, నిమిషానికి 0.4 డిగ్రీలు చల్లబరచగలిగేంత. రెండూ కలిసినప్పుడు నికరంగా 0.2 చొప్పున దిగుతుంది. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు, గదిని బట్టి మారతాయి.

ఆఫ్‌లో ఉన్నప్పుడు 23 నుంచి 25కి ఎక్కడానికి 10 నిమిషాలు. ఆన్‌లో 25 నుంచి 23కి దిగడానికి 10 నిమిషాలు. కంప్రెసర్ సగం సమయం తిరుగుతుంది. మే నెల మధ్యాహ్నం వేడి 0.3 చొప్పున వస్తోందనుకోండి. ఎక్కడానికి ఏడు నిమిషాల లోపే పడుతుంది, దిగడం నిమిషానికి 0.1 మాత్రమే కాబట్టి 20 నిమిషాలు. కంప్రెసర్ నాలుగింట మూడు వంతుల సమయం తిరుగుతుంది. తెల్లవారుజామున వేడి 0.1 అయితే ఇది తిరగబడి పావు వంతే తిరుగుతుంది.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. ట్యాంకులో వాడకం 5, 10, 15 లీటర్లయితే వాల్వ్ పావు, సగం, ముప్పావు తెరుచుకుంది. గదిలో వేడి 0.1, 0.2, 0.3 అయితే కంప్రెసర్ పావు, సగం, ముప్పావు సమయం తిరిగింది. వాల్వ్ తన తెరుచుకోవడాన్ని చోటులో కొలిచింది, థర్మోస్టాట్ కాలంలో కొలిచింది. ఎంత శాతం తిరగాలో థర్మోస్టాట్‌కి ఎవరూ చెప్పలేదు, లోపల లెక్క వేసే భాగం కూడా లేదు. గది ఎంత వేగంగా వేడెక్కి, ఎంత నెమ్మదిగా చల్లబడుతోందో దాన్నిబట్టి ఆ శాతం దానంతటదే తేలింది. "రెండూ ఒకటే ఎలా" అన్న మీ ప్రశ్నకు ఇదే నా జవాబు. ఇన్వర్టర్ ఏసీ అయితే కంప్రెసర్ వేగాన్నే తగ్గించి పెంచుతుంది, అది నేరుగా ఫ్లోట్ వాల్వ్ బంధువు.

పోలిక ఇంకా లోతుగా పోతుంది. సెన్సర్‌కి గది వేడి వెంటనే తెలియదు. గాలి తిరిగి దాని దాకా రావాలి, సెన్సర్ తానూ వేడెక్కాలి. ఈ ఆలస్యం రెండు నిమిషాలు అనుకుందాం. మధ్యాహ్నం గది 25 తాకినా సెన్సర్‌కి తెలిసేది రెండు నిమిషాల తర్వాత. ఈలోగా 0.3 చొప్పున ఎక్కి 25.6 అవుతుంది. కిందికి వచ్చేటప్పుడు 23 దాటి రెండు నిమిషాలు 0.1 చొప్పున దిగి 22.8 దగ్గర ఆగుతుంది. సగటు 24.2. తెల్లవారుజామున దీనికి ఉల్టా. పైకి 25.2 దాకా మాత్రమే ఎక్కుతుంది, కిందికి మాత్రం 22.4 దాకా జారుతుంది. సగటు 23.8. అంటే రిమోట్ ముట్టుకోకపోయినా, భారం ఎక్కువ ఉన్నప్పుడు గది కాస్త వెచ్చగా, తక్కువ ఉన్నప్పుడు కాస్త చల్లగా నిలబడుతుంది. ట్యాంకులో వాడకం ఎక్కువైనప్పుడు మట్టం కింద నిలబడ్డట్టే. ఆఫ్‌సెట్ వేషం మార్చుకుని ఇక్కడికీ వచ్చింది. రాత్రి పదకొండుకి హాయిగా ఉన్న అదే 24, తెల్లవారుజామున నాలుగింటికి దుప్పటి వెతికిస్తుందంటే శరీరం సంగతి కొంత ఉన్నా, ఇదీ ఒక కారణమే.

హిస్టరిసిస్ తగ్గించి 24.1, 23.9 పెడితే బాగుండేది కదా అని అడుగుతారు. ఆలస్యం లేకపోతే సాయంత్రం వేళ నిమిషం ఆన్, నిమిషం ఆఫ్ అవుతుంది. కంప్రెసర్ గంటకు ముప్పై సార్లు స్టార్ట్ కావాలి. అది తట్టుకోదు. ఆగిన వెంటనే రిఫ్రిజరెంట్ ప్రెషర్ రెండు పక్కలా సమానం కాకుండా మళ్ళీ స్టార్ట్ చేస్తే మోటారు మీద విపరీతమైన భారం పడుతుంది. అందుకే చాలా ఏసీల్లో ఆగాక మూడు నిమిషాల దాకా మళ్ళీ ఆన్ కానివ్వకుండా టైమర్ ఉంటుంది. ఇక ఆలస్యం ఉంటే హిస్టరిసిస్ పూర్తిగా సున్నా చేసినా ఊపు పోదు. సాయంత్రం లెక్కలో పైకి 0.4, కిందికి 0.4, మొత్తం 0.8 డిగ్రీల ఊపు ఆలస్యం వల్లే మిగిలిపోతుంది. ఆన్-ఆఫ్ కంట్రోల్‌లో గీత మీద నిలబెట్టడం కుదరదు, గీతకు అటూ ఇటూ ఎంత ఊగనిస్తామన్నదే మన చేతిలో ఉంటుంది.

ఒక చిన్న పక్కమాట. బయట నుంచి చెమటతో వచ్చి రిమోట్‌లో 16 పెట్టేవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు, మా ఇంట్లోనూ ఉన్నారు. మామూలు ఏసీలో 24 పెట్టినా 16 పెట్టినా గది 32 నుంచి దిగే వేగం ఒకటే, ఎందుకంటే కంప్రెసర్ రెండు సందర్భాల్లోనూ పూర్తిగానే తిరుగుతోంది. సెట్‌పాయింట్ అంటే ఎక్కడ ఆగాలో చెప్పేది, ఎంత వేగంగా పోవాలో కాదు. కంట్రోల్ భాషలో దీన్ని సాచురేషన్ అంటాం. మట్టం 80 కంటే కిందికి పడిపోయాక ఫ్లోట్ వాల్వ్ కూడా ఇలాగే 20 లీటర్లు దాటి ఒక్క చుక్క ఎక్కువ ఇవ్వలేదు. వాడకం 25 లీటర్లయితే ఫీడ్‌బ్యాక్ ఎంత మంచిదైనా ట్యాంకు ఖాళీ కావలసిందే.

మళ్ళీ ట్యాంకుకు. ఆఫ్‌సెట్ ఇష్టం లేకపోతే గెయిన్ పెంచవచ్చు. K = 1 బదులు 20 చేస్తే, అంటే ఒక్క సెంటీమీటరులోనే వాల్వ్ పూర్తిగా తెరుచుకునేలా చేస్తే, 5 లీటర్లకు లోటు పావు సెంటీమీటరే. ఎందుకు చేయరు మరి? ఆలస్యం లేని ట్యాంకులో నిజంగానే చేయవచ్చు. కానీ వాల్వ్ ఒకచోట, మట్టం కొలిచేది ఇంకోచోట ఉండి మధ్యలో పొడవాటి పైపు ఉంటే కథ మారుతుంది. కాలువ తూము ఎత్తిన గంటల తర్వాత గానీ దిగువ చెరువులో నీటి మట్టం కదలదు కదా, అలాంటి ఆలస్యం. దీన్ని కాగితం మీద సాధించే కంటే నడిపి చూడటం మేలు. కింది తొమ్మిది లైన్లు లాప్‌టాప్‌లో వేసుకోండి:

```python
K, A, q, delay, dt = 1.0, 10.0, 5.0, 0.0, 0.1
n = round(delay / dt)
h = [100.0] * (n + 1)
for k in range(1200):
    seen = h[-1 - n]                          
    qin = min(max(K * (100 - seen), 0), 20)   
    h.append(h[-1] + (qin - q) / A * dt)
    if k % 5 == 4:
        print(round((k + 1) * dt, 1), round(h[-1], 2))
```

`seen` అంటే వాల్వ్‌కి కనిపిస్తున్న మట్టం, అది `delay` నిమిషాల కిందటిది. `min`, `max` ఉన్న లైను వాల్వ్ సున్నా కంటే తక్కువ, 20 కంటే ఎక్కువ ఇవ్వలేదని చెబుతోంది. ఉన్నది ఉన్నట్టు నడిపితే 95కి మెల్లగా దిగి ఆగడం కనిపిస్తుంది. ఇప్పుడు `K = 20.0`, `delay = 2.0` పెట్టి నడపండి. మట్టం ఎక్కడా నిలబడదు. సుమారు 99కి, 102కి మధ్య ఊగుతూనే ఉంటుంది. `qin` కూడా ప్రింట్ చేస్తే ఎక్కువసేపు సున్నా, ఆ తర్వాత 20 దాకా ఎక్కి కాసేపు అక్కడే ఉండి మళ్ళీ సున్నాకు దిగుతుంది. గుర్తుపట్టారా? మెల్లగా మూసుకునే ఫ్లోట్ వాల్వ్‌ని గెయిన్ పెంచి పెంచి థర్మోస్టాట్‌గా మార్చేశాం. మీరు రెండు వేర్వేరు జాతులనుకున్నవి ఒకే నాబ్‌కి రెండు చివరలు. ఆన్-ఆఫ్ అంటే గెయిన్ అనంతం ఉన్న ప్రపోర్షనల్ కంట్రోలర్.

ఎంత దాకా పెంచవచ్చో ఈ ట్యాంకుకు ఒక సులువైన కొలత ఉంది. K/A ని ఆలస్యంతో గుణించండి. అది 0.37 లోపు ఉంటే మట్టం హద్దు దాటకుండా నింపాదిగా వెళ్ళి కూర్చుంటుంది. దాటితే కాస్త ఊగి కూర్చుంటుంది. 1.57 దాటితే, అంటే π/2 దాటితే, ఊపు తగ్గకుండా పెరుగుతుంది. వాల్వ్ ఒక చివర తాకాక గానీ ఆగదు. పై లెక్కలో అది 4. కారణం మాటల్లో చెప్పాలంటే, దిద్దుబాటు ఆలస్యంగా వస్తే అది చేరేసరికి మట్టం అవతలి పక్కకు తిరిగి ఉంటుంది. ఎదురు నెట్టాల్సింది వెనక నుంచి నెడుతుంది. తగినంత ఆలస్యం కలిస్తే మీ మైనస్ గుర్తు ఆ ఊపు వేగానికి ప్లస్ అయిపోతుంది. నైక్విస్ట్ ప్లాట్‌లో −1 బిందువు చుట్టూ అంత హడావుడి చేసేది దీనికోసమే.

గెయిన్ పెంచకుండా ఆఫ్‌సెట్ పోగొట్టాలంటే లోటును కాలంతో పాటు కూడబెట్టుకుంటూ పోయే భాగం కావాలి. అదే ఇంటిగ్రల్. లోటు మిగిలి ఉన్నంతసేపూ అది వాల్వ్‌ని ఇంకొంచెం తెరుస్తూ పోతుంది, లోటు సున్నా అయ్యాక ఉన్నచోట ఉంచుతుంది. బంతికి ఆ జ్ఞాపకశక్తి లేదు, అందుకు లెవెల్ ట్రాన్స్‌మిటర్, పీఐ కంట్రోలర్ పెట్టుకోవాలి. నా మటుకు నేను ఇంటి ట్యాంకుకే కాదు, ప్లాంటులో చాలా బఫర్ ట్యాంకులకు కూడా అది అవసరం లేదంటాను. మట్టం 95లో ఉందా 100లో ఉందా అని ఎవరికీ పట్టదు. వాల్వ్ నింపాదిగా కదలడమే అక్కడ ముఖ్యం, తర్వాతి యూనిట్‌కి ఒడిదుడుకులు పోకుండా.

చివరగా, పరీక్షలో అడగకపోయినా పనిలో రోజూ ఎదురయ్యేది ఒకటి చెప్పాలి. G/(1+GH) లో GH పెద్దదైతే జవాబు దాదాపు 1/H. G ఎంత పాడైనా ఫీడ్‌బ్యాక్ కప్పిపుచ్చుతుంది. H పాడైతే మాత్రం ఆ తప్పును చాలా నిజాయితీగా అమలు చేస్తుంది. H అంటే మన సెన్సర్.

ఒకసారి చుట్టాలింట్లో ఏసీ "పదే పదే ఆగిపోతోంది, గది మాత్రం చల్లబడట్లేదు" అన్నారు. గ్యాస్ తక్కువైందని ఎవరో చెప్పారట. వెళ్ళి చూస్తే కొత్తగా వేసిన దళసరి కర్టెన్ ఇండోర్ యూనిట్ ముందు దాకా వచ్చింది. స్ప్లిట్ ఏసీలో గది వేడిని కొలిచే సెన్సర్ లోపలికి గాలి పీల్చుకునే వైపు, ఫిల్టర్ వెనక ఉంటుంది. బయటికి వచ్చిన చల్లగాలి కర్టెన్‌కి కొట్టుకుని అలాగే పైకెక్కి మళ్ళీ లోపలికే పోతోంది. సెన్సర్ దృష్టిలో గది 23 అయిపోయింది, కంప్రెసర్ ఆగింది. మంచం దగ్గర థర్మామీటర్ పెడితే 29. లూప్ తన పని తాను పక్కాగా చేస్తోంది, సెన్సర్ ఉన్న జానెడు చోటును 24 దగ్గర నిలబెడుతోంది. థర్మోస్టాట్ గది వేడిని కాపాడదు, తన సెన్సర్ వేడిని కాపాడుతుంది. కర్టెన్ పక్కకు కట్టేస్తే సరిపోయింది.

ట్యాంకులో దీనికి జోడీ, బంతికి చిల్లు పడటం. నీళ్ళు చొరబడి బంతి మునిగిపోతుంది, మట్టం ఎంత ఉన్నా వాల్వ్‌కి "ఖాళీ" అనే వినిపిస్తుంది, ఓవర్‌ఫ్లో పైపు నుంచి నీళ్ళు పోతూనే ఉంటాయి. వాషర్ అరిగిపోయినా ఓవర్‌ఫ్లో అవుతుంది, కాబట్టి ఏది పాడైందో విడదీయాలి. చేత్తో కడ్డీని పైకి ఎత్తి పట్టుకోండి. ధార ఆగిపోతే వాల్వ్ బాగుంది, బంతిని విప్పి చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది. ఎత్తినా ఆగకపోతే వాషర్ మార్చాలి. ప్లాంటులో ఏ లూప్ మొండికేసినా మేం చేసేదీ ఇదే: కంట్రోలర్‌ని మాన్యువల్‌లో పెట్టి, వాల్వ్‌ని మన చేత్తో కదిపి, సెన్సర్ చెప్పే అంకె కదిలిందో లేదో, ఏ పక్కకు కదిలిందో చూడటం.